ఉభయకుశలోపరి, హాయ్

మా బావమరిదికి మోటారు రీవైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటారును విప్పి, మాడిన రాగితీగ తీసి, కొత్త తీగ చుట్టి బిగించి ఇవ్వడం పని. ఆ పనిలో అతడిని తప్పుపట్టేవాడు లేడు. నిరుడు ఎవరో చెప్తే విని షాపుకు వెబ్‌సైటు పెట్టించాడు. దాని అడుగున సందేశాల పెట్టె ఒకటి, ఆ పెట్టెలో లేత బూడిదరంగులో "మీ సందేశాన్ని ఇక్కడ టైప్ చేయండి" అని ఒక వాక్యం. జనం విధేయులు. టైప్ చేశారు. "హాయ్" అని.

ఈ హాయ్ మీకూ వచ్చే ఉంటుంది కాబట్టి దాని మహిమ వర్ణించనక్కరలేదు. ఒక్క నమూనా మాత్రం భావితరాల కోసం భద్రపరుస్తున్నాను. సోమవారం పొద్దున ఆరింటికి: హాయ్. తొమ్మిదింటికి షాపు తెరిచిన బావమరిది: నమస్తే, చెప్పండి. మధ్యాహ్నం: హలో. చెప్పండి. సాయంత్రం, కథ ఊపందుకుంటూ: మోటారు. మోటారుకు ఏమైందండీ? రిపేరు. మంగళవారం: ఎన్ని హెచ్‌పీ? బోరు మోటారు. సింగిల్ ఫేజా, త్రీఫేజా? ఈ ప్రశ్నకు అవతల గాఢమైన మౌనం. బుధవారం పొద్దున ఆ మౌనాన్ని ఛేదిస్తూ: హాయ్.

మూడు రోజులు. ఆ మూడు రోజులూ అక్కడ పొలానికి నీళ్లు లేవు.

"జనానికి రాయడం రాదు బావా" అని తీర్పు చెప్పాడు బావమరిది. నేనూ తల ఊపాను. జనాన్ని తిట్టడంలో ఒక సుఖం ఉంది, దాన్ని కాదనను. కానీ ఇదే జనం 50 పైసల పోస్టుకార్డు మీద "ఉభయకుశలోపరి" అని ఒక్క మాటలో హాయ్ ముగించి, మిగిలిన జాగాలో పెళ్లిచూపులు, పాత బాకీ, ఈనిన గేదె అన్నీ ఇరికించినవాళ్లే. ఆ కార్డు మీద చిరునామా కింద ఆరు చిన్న గళ్లు ఉండేవి. పిన్‌కోడు 1972లో వచ్చింది. ఆ గళ్ల పక్కన ఉపన్యాసం ఏమీ ఉండదు. ఆరు అంకెలు కావాలని గళ్లే చెప్పేవి. ఎవడూ అందులో హాయ్ అని రాయలేదు.

మరి మన పెట్టె ఏమడిగింది? సందేశం అడిగింది. హాయ్ సందేశం కాదని ఏ న్యాయస్థానం అంటుంది? షాపుకు మనిషి నడిచి వస్తే ఇదే బావమరిది "మాట్లాడండి" అని నిలబడడు. "తిరుగుతోందా, లేదా?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నలో సగం వైద్యం ఉంది. గుర్రుమంటూ తిరగకపోతే సింగిల్ ఫేజులో కెపాసిటర్ పోయి ఉండవచ్చు, త్రీఫేజులో ఒక ఫేజు రాకపోయి ఉండవచ్చు. తిరుగుతూ నీళ్లు సన్నగా వస్తుంటే, అదీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని జరిగిన మర్నాడైతే, ఫేజులు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతూ ఉండవచ్చు. అప్పుడు బోరులోంచి ఏదీ పైకి లాగనక్కరలేదు, స్టార్టర్ దగ్గర రెండు తీగలు అటూ ఇటూ మారిస్తే సరి. ఇంత విలువైన ప్రశ్నను కౌంటరు దగ్గర ఉంచుకుని, పెట్టెలో మాత్రం "ఇక్కడ టైప్ చేయండి" అని రాయించాడు. కీబోర్డు ఉన్నది కొబ్బరికాయ కొట్టడానికి కాదని జనానికి తెలియదనుకున్నాడు కాబోలు.

సరే, మార్చాం. మొదటి ప్రయత్నం నాది కాబట్టి ఘోరంగా విఫలమైంది. "ఉదాహరణకు, దయచేసి మీ మోటారుకు సంబంధించిన వివరాలను ఈ విధంగా తెలియజేయగలరు" అని మొదలయ్యే పొడుగాటి నమూనా పెట్టాను. ఫోనులో ఆ పెట్టె ఒక్క వరుస వెడల్పు. కనిపించింది "ఉదాహరణకు, దయచేసి మీ" వరకే. మిగిలిన నా గద్యం తెర అంచున తెగిపోయింది.

మర్యాదలన్నీ కోసేసి "5 హెచ్‌పీ త్రీఫేజు, తిరుగుతోంది, నీళ్లు లేవు" అని కుదించాను. మరీ లేతగా ఉంది, ఎండలో కనబడదని రంగు చిక్కబరిచాను. దాంతో కొందరు అది ఇదివరకే రాసి ఉన్న సందేశమనుకుని పంపే బొత్తాం నొక్కేశారు. ఏమీ వెళ్లలేదు, షాపు జవాబివ్వలేదని అలిగారు. ఇంకొందరు నమూనాను భక్తితో చూసి రాశారు. ఆ వారం మండలంలో ఉన్న మోటార్లన్నీ 5 హెచ్‌పీ అయిపోయాయి. విప్పి చూస్తే మూడూ ఉంది, ఏడున్నరా ఉంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, మొదటి అక్షరం కొట్టగానే ఆ బూడిదరంగు వాక్యం మాయమవుతుంది. ఏమి రాయాలో చెప్పే చీటీ, రాయడం మొదలుపెట్టగానే లాక్కునే పరీక్షాధికారి అది.

చివరకు నిలిచింది ఇది. చెరిగిపోని ప్రశ్నను పెట్టె పైన పెట్టాం: "మోటారుకు ఏమైంది? హెచ్‌పీ ఎంత? ఏ ఊరు?" పెట్టె లోపల చిన్న నమూనా ఒక్కటే. కింద మూడు మీటలు: "గుర్రుమంటోంది, తిరగడం లేదు", "తిరుగుతోంది, నీళ్లు లేవు", "ఫ్యూజు పోతోంది". ఈ మూడూ నా ఊహలో పుట్టినవి కావు. బావమరిది పాత జవాబులు తిరగేసి, అతడు మళ్లీ మళ్లీ ఏమి అడిగాడో, వాళ్లు చివరికి ఏమి చెప్పారో చూసి తీసినవి. మీట నొక్కితే ఆ వాక్యం పెట్టెలోకి వస్తుంది, కానీ దానంతట అది వెళ్లిపోదు. మిగతాది మనిషే రాయాలి. ముందు "నా మోటారు ____ హెచ్‌పీ, ఊరు ____" అని ఖాళీలతో పెట్టి చూశాం. ఖాళీలు ఖాళీలుగానే వచ్చాయి. అది కొత్త బట్టలు కట్టుకున్న హాయ్. అందుకే హాయ్‌లు ఎన్ని తగ్గాయని లెక్కపెట్టవద్దని బావమరిదికి చెప్పాను. నీ మొదటి జవాబు ఇంకా ప్రశ్నగానే ఉందా, అది లెక్కపెట్టు.

కొన్ని హాయ్‌లు ఎలాగూ పోవు. లోపల మనిషి ఉన్నాడో లేడో తట్టి చూసే హాయ్ ఒకటి ఉంది. దానికి నమూనా కాదు, షాపు వేళలు రాసి పెట్టడమే మందు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. మా పక్కింటి పెద్దావిడకు పింఛను ఆగిపోయింది. ఆ కార్యాలయం వారి ఫిర్యాదుల పెట్టెలో "మీకు ఎలా సహాయపడగలము?" అని రాసి ఉంది. ఆవిడ మనవడి ఫోను పట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "నమస్కారం బాబూ" అని రాసింది. పెద్దలకు ముందు నమస్కారం పెట్టడం నేర్చుకున్న మనిషి. మర్నాడు జవాబు వచ్చింది: వివరాలు అందనందున మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. నమస్కారాన్ని పరిష్కరించారట! "ఏ నెల నుంచి రాలేదు?" అని నాలుగు మాటలు ఆ పెట్టె మీద రాయడానికి మీకేమి ఖర్చు? రాయరు. రాస్తే ఆవిడ నెల పేరు చెప్తుంది. చెప్తే ఎవరో ఒకరు లేచి చూడాలి. ఖాళీ పెట్టె పెట్టి, ఖాళీగా వచ్చిందని మూసేసి, మూసినవన్నీ పరిష్కారాల పద్దులో వేసుకునే ఏర్పాటును నేను అజ్ఞానం అనను. అది దొంగతనం.

మొన్న షాపులో ఉండగా ఫోను మోగింది. "హాయ్. 3 హెచ్‌పీ సింగిల్ ఫేజు. గుర్రుమంటోంది, తిరగడం లేదు." ఊరి పేరు కూడా ఉంది. బావమరిది చదివి, లేచి, అలమరలోంచి కెపాసిటర్ తీసి సంచిలో వేసుకున్నాడు. తర్వాత జవాబు టైప్ చేశాడు. తొంగి చూశాను.

"చెప్పండి."