తొమ్మిది కిలోమీటర్ల తర్వాత పశ్చాత్తాపం

ఎక్స్‌ప్రెస్‌వేలు కట్టిన ఇంజనీర్ల మీద నాకు సొంత కక్ష ఏమీ లేదు. కానీ మనిషి పుట్టుకతో తెచ్చుకున్న ఒక హక్కును వాళ్ళు చడీచప్పుడు లేకుండా లాగేసుకున్నారు. ఇంతవరకూ దాని మీద ఎవరూ నోరు విప్పలేదు. "అయ్యో, దాటేశాం, కాస్త వెనక్కి పోనీ" అనే హక్కు అది. మామూలు రోడ్డు మీద మనం దీన్ని రోజుకు నాలుగుసార్లు వాడుకుంటాం. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక్కసారి అడిగి చూడండి, రోడ్డు మొహం తిప్పేసుకుంటుంది.

నేను దిగాల్సింది 42వ నంబర్ ఎగ్జిట్ దగ్గర. అది వస్తోందని నాకు చెప్పలేదని అనను, అబద్ధమాడితే నోరు పోతుంది. రెండు కిలోమీటర్ల ముందు ఒక బోర్డు పెట్టారు, కిలోమీటరు ముందు ఇంకోటి. ఆ తర్వాత రోడ్డు పక్కన వాలు గీతల పలకలు వచ్చాయి: మొదట మూడు గీతలు, తర్వాత రెండు, చివర ఒకటి. ఒక్కో గీతకు వంద మీటర్లట. అవి ఏదో సిమెంటు ప్రకటన అనుకున్నాను.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. అంటే మూడు గీతల నుంచి ఎగ్జిట్ దాకా నాకిచ్చిన గడువు పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లలో మా బావమరిది "బావా, ఇదేనా?" అన్నాడు. నేను "ఏది?" అన్నాను. వాడు "అదే" అన్నాడు. గడువు ముగిసింది. మేమేమో లోపలి లేన్‌లో ఉన్నాం, మాకూ ఎగ్జిట్‌కూ మధ్య రెండు లారీలు. లేన్ మారాల్సింది గీతల దగ్గర కాదని, రెండు కిలోమీటర్ల బోర్డు కనిపించినప్పుడేనని తర్వాత తెలిసింది. ఆ బోర్డును నేను ఊరి పేర్లు చదువుకోవడానికి పెట్టారనుకున్నాను.

రోడ్డు రెండుగా చీలే చోట తెల్ల చారల త్రికోణం ఒకటి ఉంటుంది. ఖాళీగా, శుభ్రంగా, ఎటు పోవాలో తేల్చుకోలేని వాళ్ళ కోసమే కట్టించినట్టు ఉంటుంది. నా కాలు దానంతట అదే బ్రేక్ మీదికి పోయింది. అక్కడ ఆగి, యాభై మీటర్లు రివర్స్ చేస్తే సరిపోతుంది కదా! వెనక సీట్లోంచి మా ఆవిడ, "ఏవండీ, మీరు ఆగితే వెనక వాడు కూడా ఆగాలిగా" అంది. ఆ లెక్క నాకు నచ్చలేదు కానీ తప్పు పట్టలేకపోయాను. యాభై మీటర్లు వెనక్కి నడపడానికి నాకు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషంలో వెనక నుంచి వచ్చే కారు 800 మీటర్లు దాటేస్తుంది. అంటే నేను అద్దంలో చూసినప్పుడు ఇంకా కనిపించని వాడు కూడా, నా రివర్స్ పూర్తయ్యేలోపు నా డిక్కీ దగ్గరికి వచ్చేస్తాడు. కాలు తీశాను. మనసులో మాత్రం అక్కడికక్కడే ఒక పార్టీ పెట్టాను. పేరు "వెనక్కి వెళ్దాం". సభ్యుణ్ణి ప్రస్తుతానికి నేనొక్కణ్ణే.

తర్వాతి ఎగ్జిట్ నంబర్ 43 ఉండాలి కదా? 51 ఉంది. మధ్యలో ఎనిమిదింటిని ఎవరో కాజేశారనుకున్నాను. ఆ రోడ్డు మీద ఎగ్జిట్లకు నంబర్లు కిలోమీటరు రాళ్ళ లెక్కన వేస్తారట. కాబట్టి రెండు నంబర్ల తేడాయే మన శిక్ష: పోను తొమ్మిది, రాను తొమ్మిది. పోనీ, ఈ లెక్క తెలిస్తే దాటేసిన క్షణమే ఎంత దూరం తిట్టుకోవాలో తెలుస్తుంది. (వరస నంబర్లు వేసే రోడ్లూ ఉన్నాయి, వాటి మీద ఈ సౌకర్యం లేదు.)

దారిలో డివైడర్‌కు ఒకచోట సందు కనిపించింది. "బావా, దేవుడే ఇచ్చాడు" అన్నాడు బావమరిది. ఇచ్చింది దేవుడు కాదు, అంబులెన్సులకూ మరమ్మతు బళ్ళకూ ఇంజనీర్లు ఇచ్చారు. అందులోంచి తిరిగితే మనం అవతలి వైపు తేలేది అన్నిటికంటే వేగంగా పోయే లేన్‌లో, అదీ నడక వేగంతో. మా పార్టీ కూడా దీన్ని సమర్థించదు.

51 దగ్గర మాత్రం క్రమశిక్షణగా దిగాను. పక్క లేన్‌లోకి పూర్తిగా వచ్చాకే బ్రేక్ వేశాను. వంపు మొదట్లో 40 అని బోర్డు ఉంది, నాకేమో పాకుతున్నట్టు ఉంది. మీటర్ చూస్తే 65! అంతసేపు వందలో పోయినవాడికి 65 కూడా నడకలాగే ఉంటుంది. అక్కడ కాలిని కాదు, ముల్లును నమ్మాలి.

వంపు చివర టోల్ బూత్. ఒక వరసలో తొమ్మిది బళ్ళు, పక్క వరసలో ఒక్కటీ లేదు. లోకంలో తెలివైనవాణ్ణి నేనొక్కణ్ణే అన్నట్టు ఖాళీ వరసలోకి దూరాను. అది ట్యాగ్ ఉన్నవాళ్ళకు మాత్రమే అని పైన రాసి ఉంది. నా దగ్గర ఉన్నది ఎక్కేటప్పుడు ఇచ్చిన చీటీ. గేటు లేవలేదు, వెనక హారన్లు లేచాయి. మా పార్టీ సిద్ధాంతం ప్రకారం రివర్స్ వేయబోయాను, అప్పటికే వెనక ఇద్దరున్నారు. చేయాల్సిందల్లా పక్కనున్న సహాయం బటన్ నొక్కడమే. ఒకాయన వచ్చి, చీటీ చూసి, డబ్బు తీసుకుని గేటు ఎత్తాడు. 42 దాకా కాదు, 51 దాకా లెక్కకట్టాడు. పొరపాటున వచ్చానండీ అన్నాను. "మిషన్‌కు కిలోమీటర్లే తెలుసు సార్" అన్నాడు. వెనక్కి ఎక్కినప్పుడు మళ్ళీ కొత్త చీటీ, మళ్ళీ తొమ్మిది కిలోమీటర్ల డబ్బు.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే: వంతెన దాటి, అవతలి వైపు ర్యాంప్ ఎక్కడం. కానీ బూత్ దాటగానే పక్కన ఒక చక్కటి రోడ్డు, ఎక్స్‌ప్రెస్‌వేను ఆనుకుని, మేం వచ్చిన దిక్కుకే పోతోంది. ఫోన్‌లో చుక్క కూడా "మీరు ఎక్స్‌ప్రెస్‌వే మీదే ఉన్నారు, నేరుగా పోండి" అంది. దాని తప్పేం లేదు. రెండు రోడ్లకూ మధ్య ఉన్నది ఒక కంచె, ఫోన్ అంచనా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. దగ్గర్లో ఉన్న పెద్ద రోడ్డు మీదికి చుక్కను జరిపేస్తుంది. రెండు కిలోమీటర్లు అలా సంతోషంగా వెళ్ళాం, కంచె అవతల అసలు రోడ్డును చూస్తూ, జైల్లో చుట్టాన్ని చూడ్డానికి వచ్చినట్టు. ఎదురుగా ఒకాయన సైకిల్ మీద వచ్చేదాకా అనుమానం రాలేదు. ఎక్స్‌ప్రెస్‌వే మీద సైకిల్ ఎదురు రాదు. అది సర్వీస్ రోడ్డు, పైకి ఎక్కే దారి లేనిది. అక్కడ మాత్రం దర్జాగా యూ-టర్న్ తీసుకున్నాను. ఆ రోజు మొత్తంలో మా పార్టీ నెరవేర్చిన ఒకే ఒక్క హామీ అదే.

వంతెన ఎక్కి, అవతలికి దిగి, 42 వైపు తిరిగాం. ఈసారి రెండు కిలోమీటర్ల బోర్డుకే అంచు లేన్‌లోకి వచ్చేశాను. మూడు గీతలు, రెండు, ఒకటి. మా బావమరిది బిగ్గరగా లెక్కపెట్టాడు. ఎగ్జిట్‌లోకి తిరుగుతుంటే ఆ తెల్ల చారల త్రికోణంలో ఒక కారు ఆగి ఉంది. డ్రైవర్ ఫోన్‌లోకి చూస్తున్నాడు, పక్కనున్నాయన చేత్తో వెనక్కి చూపిస్తున్నాడు. మేం దాటుతుండగా దాని రివర్స్ లైట్లు తెల్లగా వెలిగాయి.

"బావా, మీ పార్టీలో చేరాడు" అన్నాడు మా వాడు. నేను హారన్ మీద చేయి తీయలేదు.