అందరూ పంపుతున్న ఆ ‘కీవర్డ్ సూత్రాలు’: నా అభ్యంతరాలు

“ఆన్‌లైన్ షాపు ఉన్నవాళ్లు తప్పక చదవండి! 1) మెటా కీవర్డ్స్ ట్యాగ్ ఖాళీగా వదలొద్దు. 2) కీవర్డ్ పేజీలో 3 శాతం ఉండాలి. 3) టూల్‌లో అన్నిటికంటే ఎక్కువ సెర్చ్‌లు ఉన్న కీవర్డ్‌ని ప్రతి ప్రొడక్ట్ టైటిల్లోనూ పెట్టండి. 4) సెర్చ్‌లు సున్నా చూపిస్తే ఆ మాట జోలికి పోవద్దు. 5) కొన్నవాళ్లు రివ్యూల్లో వాడే మాటలు రాసిపెట్టుకోండి.”

ఈ మెసేజ్ పంపొద్దని నేను ఎవరికి చెప్పానో వాళ్లే మళ్లీ పంపుతున్నారు, పైగా “ఒకసారి చూసి చెప్పవా” అంటున్నారు. సరే, చూశాను.

మొదటి రెండింటికి ఎక్కువ టైమ్ అక్కర్లేదు. పేజీ కోడ్‌లో కీవర్డ్స్ రాసే ఆ మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ని ర్యాంకింగ్ కోసం తాను వాడట్లేదని గూగుల్ 2009 సెప్టెంబర్‌లోనే బహిరంగంగా చెప్పేసింది. అది నింపడం వల్ల జరిగేదల్లా మీరు ఏ మాటల వెంట పడుతున్నారో పోటీ షాపువాళ్లకి తెలిసిపోవడమే. ఇక 3 శాతం లెక్క ఎక్కడా లేదు. లెక్క కోసం ఒకే మాటని పేరాలో పదేపదే దూర్చడం గూగుల్ స్పామ్ నియమాల్లో పేరు పెట్టి మరీ వద్దన్న పని.

నా కోపమంతా మూడో దాని మీద. ఇది పనికిరాని సలహా మాత్రమే అయితే ఊరుకునేవాణ్ణి, కానీ బాగున్న షాపుని చెడగొట్టే సలహా ఇది.

ల్యాంపులు అమ్మే చిన్న షాపు ఒకటి అనుకోండి, అందులో 30 మోడల్స్. టూల్‌లో చూస్తే ‘టేబుల్ ల్యాంప్’ అన్నదానికే అన్నిటికంటే ఎక్కువ సెర్చ్‌లు. ఈ మెసేజ్ నమ్మినవాళ్లు 30 పేజీల టైటిల్స్‌నీ ఆ మాటతోనే మొదలుపెడతారు. అసలు ‘టేబుల్ ల్యాంప్’ అని కొట్టిన మనిషికి ఏం కావాలి? ఏ సైజు, ఎంత ధర, ఎక్కడ పెట్టాలి, ఇంకా ఏదీ తేల్చుకోలేదు, నాలుగు రకాలు చూసి ఎంచుకుందామని వచ్చాడు. ఇన్‌కాగ్నిటో విండో తెరిచి మీరే ఆ మాట కొట్టి చూడండి. ఇలాంటి పెద్ద మాటలకి మొదటి పేజీలో సాధారణంగా వచ్చేవి పదుల మోడల్స్ వరసగా చూపించే కేటగిరీ పేజీలు. ఒక్క ల్యాంపు మాత్రమే ఉన్న మీ పేజీ ఎంత బాగా రాసినా ఆ వరసలో నిలబడదు, ఎందుకంటే అతను అడిగింది అది కాదు. ఆ మాట దక్కాల్సింది మీ ‘టేబుల్ ల్యాంప్స్’ కేటగిరీ పేజీకి. నా దృష్టిలో కీవర్డ్ పనిలో సగం ఇదే: ఏ మాటకి ఏ రకం పేజీ వస్తోందో మొదటి పేజీ చూసి తెలుసుకోవడం. ఏ టూల్‌కీ డబ్బు కట్టక్కర్లేదు.

రెండో నష్టం కనపడకుండా జరుగుతుంది. 30 పేజీలూ ఒకే మాట చెబుతుంటే వాటిలో దేన్ని చూపించాలో గూగుల్ తేల్చుకోలేదు. మీ షాపులో ఇది జరుగుతోందా అన్నది, మీ సైట్ గూగుల్‌లో ఎలా కనపడుతోందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో తేలిగ్గా తెలుస్తుంది. పర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లో ఆ మాటని క్వెరీ ఫిల్టర్‌గా పెట్టి, కింద పేజెస్ ట్యాబ్ నొక్కండి. రెండు మూడు పేజీలు కనపడినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. కానీ ఇంప్రెషన్స్, అంటే ఫలితాల్లో మీ పేజీ కనపడిన సార్లు, ఐదారు పేజీల మధ్య చెల్లాచెదురై, ఈ వారం ఒకటి వచ్చే వారం ఇంకొకటి పైకొస్తూ, ఏదీ 40, 50వ స్థానాలు దాటి ముందుకి రాకపోతే, మీ పేజీలు ఒకదాని కాళ్లు ఒకటి లాగుతున్నాయన్నమాట.

మరి ఒక్కో ప్రొడక్ట్ పేజీకి ఏం పెట్టాలి? ఆ 30లో ఒకటి తీసుకుందాం. తయారీదారు పెట్టిన పేరు ‘ఎఫ్‌ఎల్-20 ఫ్లెక్సీ ఎల్‌ఈడీ’. ఆ పేరుతో వెతికేది ఇప్పటికే ఆ మోడల్ తెలిసినవాళ్లే. దాన్ని మిగతా 29 నుంచి వేరు చేసేవేంటో చూడండి: క్లిప్‌తో మంచానికి పట్టించవచ్చు, చార్జింగ్‌తో నడుస్తుంది, వెలుతురు మూడు స్థాయిలు. పక్కన పడుకున్నవాళ్ల నిద్ర చెడకుండా రాత్రిపూట చదువుకోవాలనుకునేవాళ్లు కొనే వస్తువు ఇది. అలాంటివాళ్లు సెర్చ్ బాక్స్‌లో ఏం కొడతారు? ‘క్లిప్ ఆన్ రీడింగ్ లైట్’ అని మొదలుపెట్టి గూగుల్ కింద ఏవేవి అందిస్తుందో చూడండి. ‘ఫర్ బెడ్’, ‘రీచార్జబుల్’ లాంటివి వస్తే ఒక్కొక్కటీ కొట్టి మొదటి పేజీ చూడండి. విడివిడి ప్రొడక్ట్ పేజీలు కూడా కనపడుతుంటే మీ పేజీకి చోటుంది. అదే ‘చదవడానికి ఏ రంగు లైట్ మంచిది’ అని కొడితే ఎక్కువగా వ్యాసాలు వస్తాయి, కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు వ్యాసంలో రాసి అక్కణ్ణుంచి ప్రొడక్ట్‌కి లింక్ ఇవ్వాలి. ‘రీడింగ్ లైట్’, ‘రీడింగ్ ల్యాంప్’ రెండిటికీ దాదాపు అవే ఫలితాలు వస్తుంటే రెండు పేజీలు చేయొద్దు, ఒక్కటి చాలు. ఇంత చేశాక టైటిల్ ఇలా తయారవుతుంది:

```html
<title>Rechargeable Clip-On Reading Light for Bed, 3 Brightness Levels</title>
```

మోడల్ నంబర్ని పేజీలోనే ఉంచండి, టైటిల్ మొదట్లో మాత్రం వద్దు. నలుపు, తెలుపు రంగులకి వేరే పేజీలు కూడా వద్దు, జనం రంగు పేరుతోనే వెతికే వస్తువైతే తప్ప.

నాలుగోది, ‘సున్నా ఉంటే వదిలేయండి’. ఈ మాట రాసినవాళ్లు టూల్ ఆ అంకెని ఎలా ఇస్తుందో ఒక్కసారైనా చూశారా? గూగుల్ కీవర్డ్ ప్లానర్ ప్రకటనలు ఇచ్చేవాళ్ల కోసం చేసిన టూల్. అందులో ఖర్చు పెట్టని అకౌంట్లకి సాధారణంగా కనపడేది ‘100 – 1K’ లాంటి వెడల్పాటి రేంజ్. దగ్గరి మాటల్ని కలిపి లెక్కేస్తుంది, పొడవాటి మాటలకి చాలాసార్లు అసలు అంకే చూపించదు. అక్కడున్న కాంపిటిషన్ కాలమ్ కూడా ఆ మాట మీద ప్రకటనలకి ఎంత పోటీ ఉందో చెబుతుంది, మామూలు ఫలితాల్లో పైకి రావడం ఎంత కష్టమో కాదు. ఒక మాట కొడుతుంటే గూగులే దాన్ని పూర్తి చేసి చూపిస్తోందంటే, దాన్ని ఎవరో వెతుకుతున్నారనే అర్థం. చిన్న షాపు బతికేది ఇలాంటి మాటల మీదే, వాటినే వదిలేయమంటే ఎలా? పేజీ మార్చాక రెండు మూడు నెలలు ఆగి, సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీని ఫిల్టర్ చేసి క్వెరీలు చూడండి (కొన్నిటిని ప్రైవసీ కోసం దాచేస్తారు, కాబట్టి మొత్తం కలవదు). ఇంప్రెషన్స్ ఉండి క్లిక్స్ లేకపోతే ముందు స్థానం ఎంతో చూడండి. మొదటి పేజీలోనే ఉండి కూడా క్లిక్స్ రాకపోతే టైటిల్ మార్చాలి. పేజీ ఇండెక్స్ అయ్యుండి కూడా ఇంప్రెషన్సే లేకపోతే ఆ మాటకి నిజంగానే గిరాకీ లేకపోవచ్చు, అప్పుడు వదిలేయండి.

ఇక ఐదోది. ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. డబ్బులు తీసుకుని ఈ పని చేసేవాళ్లు కూడా చాలామంది టూల్ ముందు కూర్చుంటారు తప్ప రివ్యూలు చదవరు. ఆ ల్యాంపు రివ్యూల్లో నలుగురు ‘మెడ వంచితే అలాగే నిలబడుతుంది, వాలిపోదు’ అని రాశారంటే, కొనేముందు వాళ్ల భయం అదేనన్నమాట. ఆ సంగతి వివరణ మొదటి రెండు లైన్లలోనే ఉండాలి. రివ్యూలు ఇంకా రాకపోతే, కొనేముందు జనం మీకు పంపే ప్రశ్నలు చూడండి, అవే మాటలు అక్కడా దొరుకుతాయి.