నన్ను తాబేలుగా ప్రకటించారు

గత శుక్రవారం మా ఆఫీసు నన్ను అధికారికంగా తాబేలుగా ప్రకటించింది. ఏదో నోటిమాటగా కాదు. ముప్పై ప్రశ్నల పరీక్ష పెట్టి, మార్కులు కట్టి, ఆకుపచ్చ బ్యాడ్జీ చొక్కాకి గుచ్చి, రిజిస్టరులో సంతకం కూడా తీసుకున్నారు. నా సర్వీసులో ఇంత పక్కాగా జరిగిన కాగితం పని ఇదొక్కటే. ప్రావిడెంట్ ఫండ్‌లో నా ఇంటిపేరు తప్పు పడి తొమ్మిదేళ్లయింది, అది ఇప్పటికీ అలాగే ఉంది.

ఇలాంటి వర్క్‌షాపులు మీరూ చూసే ఉంటారు. మనుషులు గొడవపడినప్పుడు ఎలా ప్రవర్తిస్తారో అయిదు రకాలుగా విడదీస్తారు. ఎదుటివాడి మీద పడి గెలిచేవాడు సొరచేప. 'మీ ఇష్టం అండీ' అనేవాడు టెడ్డీబేర్. గొడవని చూడగానే తల లోపలికి లాక్కునేది తాబేలు, అంటే నేను. చెరి సగం అనేది నక్క. ఇద్దరి పనీ అయ్యే దారి వెతికేది గుడ్లగూబ. ఈ గుడ్లగూబ అన్నిటికంటే తెలివైనదట. మా ఊళ్లో అది ఇంట్లో దూరితే శాంతి చేయించేవాళ్లు. మా డెలివరీ మేనేజరు ఆ బ్యాడ్జీని ఐడీ కార్డు పక్కనే వేలాడదీసుకుని రోజంతా తిరిగారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ జంతుప్రదర్శనశాల అసలు సత్తా బయటపడింది. బిర్యానీ గిన్నెలో ఒక్క లెగ్ పీసు మిగిలింది, చుట్టూ అయిదుగురం నిలబడ్డాం. సేల్స్ సొరచేప గరిటె అందుకుంది. టెడ్డీబేర్ 'తీసుకోండి, నాకు అసలు లెగ్ పీసే పడదు' అంది, నిన్నే దాని కోసం స్విగ్గీ వాడితో పోట్లాడిన మనిషి. నక్క పేపర్ ప్లేటు మీద దాన్ని రెండుగా విరవబోయి ఎముక దగ్గర ఆగిపోయింది. గుడ్లగూబ గొంతు సవరించుకుని, 'అసలు మీకు లెగ్ పీసు ఎందుకు కావాలి? లోతుగా ఆలోచించి చెప్పండి' అని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టింది. నేను నా జాతిధర్మం ప్రకారం పెరుగన్నం వైపు నడిచాను. వెనక్కి తిరిగి చూసేసరికి ముక్క సొరచేప ప్లేటులో ఉంది, గుడ్లగూబ ఇంకా మూడో మనిషి అంతరంగం వింటోంది.

ఇంతవరకూ నాకు పెద్దగా అభ్యంతరం లేదు. పూటకి ఒక బ్యాడ్జీ, ఒక బిర్యానీ, కంపెనీ డబ్బు. భోజనం తర్వాత ట్రెయినర్ గారు తెల్లబోర్డు మీద ఒక గీత గీశారు. నా కోపమంతా ఆ గీత మీదే.

ఎడమ కొసన 'నేను' అని రాశారు, కుడి కొసన 'మనం' అని రాశారు. సొరచేప అయస్కాంతం ఎడమన పెట్టారు, టెడ్డీబేర్ కుడిన. 'చూశారా, అసర్టివ్‌నెస్ తగ్గించుకుంటూ ఇటు వస్తే కోఆపరేషన్ పెరుగుతుంది' అన్నారు. హాలంతా తల ఊపింది. నక్కని మధ్యలో పెట్టారు, చెరి సగం కదా. తర్వాత చేతిలో తాబేలు మిగిలింది. అది తనకీ పాటుపడదు, ఎదుటివాడికీ పాటుపడదు, అటూ కాదు ఇటూ కాదు కాబట్టి దాన్నీ మధ్యలోనే పెట్టారు. ఇక గుడ్లగూబ. దానికి తన పనీ పూర్తిగా కావాలి, ఎదుటివాడి పనీ పూర్తిగా కావాలి. ఆయన అయస్కాంతం పట్టుకుని గీత పొడవునా చెయ్యి అటూ ఇటూ ఆడించి, చివరికి దాన్నీ నక్క మీద తాబేలు మీద అతికించేశారు. మూడు అయస్కాంతాల బరువుకి జారి మొత్తం కింద పడ్డాయి. ఆయన వంగి ఏరుకుని మళ్లీ అక్కడే పెట్టారు.

ఏమీ చెయ్యనివాడు, సగం చేసినవాడు, మొత్తం సాధించినవాడు ఒకే చుక్క మీద కూర్చున్నారంటే తప్పు జంతువులది కాదు, గీతది. ఈ పద్ధతి కనిపెట్టినవాళ్లు గీత గియ్యలేదు, గళ్ల పటం గీశారు. 1964లో బ్లేక్, మౌటన్ అనే ఇద్దరు అమెరికన్లు మేనేజర్ల కోసం గీసిన పటంలో పని మీద శ్రద్ధ ఒక వైపు, మనుషుల మీద శ్రద్ధ ఇంకో వైపు, ఒక్కొక్కటీ ఒకటి నుంచి తొమ్మిది దాకా. దాని ఆధారంగానే 1974లో థామస్, కిల్మన్ ఈ ముప్పై ప్రశ్నలు తయారుచేశారు. తన అవసరం కోసం ఎంత నిలబడతాడన్నది ఒక కొలత. ఎదుటివాడి అవసరం ఎంత పట్టించుకుంటాడన్నది ఇంకో కొలత. ఆ గీత ఫ్యాను రెగ్యులేటరు లాంటిది, ఒకటే ఉంటుంది, ఎక్కువైనా తక్కువైనా అదే తిప్పాలి. ఈ పటం రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి. ఇటు అన్నం ఉడకాలంటే అటు పప్పు కింద మంట తగ్గించక్కర్లేదు. రెండూ ఆర్పేసి కూర్చుంటే తాబేలు, రెండూ పెంచితే గుడ్లగూబ. ఈ రెండింటినీ ఒకే చోట అతికించినవాడికి వంటింట్లో ఎవరూ అన్నం పెట్టరు.

పరీక్షలోనూ ఒక తిరకాసు ఉంది, అది తయారుచేసినవాళ్లు దాచలేదు, నడిపించేవాళ్లే చెప్పరు. ప్రతి ప్రశ్నలో రెండు వాక్యాలు, ఒకటే ఎంచుకోవాలి. ఒక్కో జంతువుకి పన్నెండు మార్కులు మించి రావు, అయిదింటి మార్కులూ కూడితే ఎవరు రాసినా ముప్పయ్యే. గుడ్లగూబకి ఒక మార్కు పెరిగిందంటే ఇంకెక్కడో ఒకటి తెగ్గోసుకున్నట్టే. అన్ని దారులూ బాగా తెలిసిన మనిషికీ, ఏ దారీ సరిగా తెలియని మనిషికీ ఒకే మొత్తం వస్తుంది. అంటే నాలో ఏది ఎక్కువ వాడతానో అది చెబుతుంది, నాకు ఏం చేతనవునో చెప్పదు. నాకు తాబేలు పది వచ్చిందని మా మేనేజరు ఫైల్లో ఎరుపు గీత గీసుకున్నారు. ఆ పదిలో సగం ఆయనతో మాట్లాడే సందర్భాలు తలచుకుంటూ టిక్కు పెట్టినవే.

సరే, నా సంగతి వదిలేద్దాం. మా టీమ్‌లో ఒకావిడ ఉన్నారు. ఆవిడకి టెడ్డీబేర్ బ్యాడ్జీ వచ్చింది, హాల్లో చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. పోయిన సంక్రాంతి నాకు గుర్తుంది.

మాది విదేశీ క్లయింటు సపోర్టు, పండగకి కూడా ఒకరు సీట్లో ఉండాలి. ఇద్దరు సెలవు అడిగారు. ఒకరు భీమవరం అబ్బాయి. ఇంకొకరు ఈవిడ, పుట్టిల్లు ఖమ్మం దగ్గర. మేనేజరు ఇద్దరినీ పిలిచి చాలా న్యాయంగా చెరి సగం పంచారు. భోగి అతనికి, కనుమ ఆవిడకి, అసలు పండగ రోజు ఇద్దరూ ఆఫీసులో. అంటే అతను రాత్రంతా బస్సులో కూచుని భీమవరంలో దిగి, భోగిమంట బూడిద చూసి, ఆ రాత్రే మళ్లీ బస్సెక్కాలి. పెద్దలకి బట్టలు పెట్టుకునే రోజున అతను ఇక్కడ క్లయింటు ఫిర్యాదుల టికెట్లు మూసుకుంటూ ఉండాలి. ఇది విని ఆవిడ 'పర్లేదు సర్, ఆయన్ని మూడు రోజులూ వెళ్లనివ్వండి, నేనుంటాను' అన్నారు. మేనేజరు గారు 'దట్స్ ద స్పిరిట్' అని మెయిల్ కూడా పెట్టారు. గొడవ అయిదు నిమిషాల్లో తీరిపోయింది.

ఫిబ్రవరిలో టీ దగ్గర మాటల్లో తెలిసింది, ఆవిడకి కావలసింది పండగే కాదట. పిల్లలకి బడి సెలవులు భోగికి ముందే మొదలయ్యాయి. ఆ సెలవుల్లో ఏవో వరసగా నాలుగు రోజులు పిల్లల్ని అమ్మమ్మ దగ్గర ఉంచాలన్నదే ఆవిడ కోరిక. భోగికి ముందు నాలుగు రోజులు ఆవిడ వెళ్లి వచ్చి ఉంటే, పండగ మూడు రోజులూ అతను వెళ్లేవాడు. సీటు ఒక్క పూట కూడా ఖాళీగా ఉండేది కాదు. 'మీకు ఏ రోజులు, ఎందుకు' అని ఒక్క ప్రశ్న అడగాల్సింది. బిర్యానీ గిన్నె దగ్గర అడిగిన ప్రశ్నే, అక్కడ పనికిరాలేదు, ఎందుకంటే లెగ్ పీసు ఒకటే. ఇక్కడ సెలవులు ఏడు రోజులు.

ఇక్కడే నాకు నవ్వు ఆగిపోతుంది. ఆ ప్రశ్న మేనేజరు అడగలేదు సరే, ఆవిడ ఎందుకు చెప్పలేదు? చెప్పకముందే వదిలేసుకున్నారు కాబట్టి. డి డ్రూ, వైన్‌గార్ట్, క్వాన్ అనే పరిశోధకులు బేరసారాల మీద జరిగిన అధ్యయనాలు చాలా కలిపి చూసి 2000లో చెప్పిందీ అదే. ఎదుటివాడి మేలు కోరడం ఒక్కటే ఉంటే సమస్యకి పరిష్కారం వెతకరు. తన మాట అంత తేలిగ్గా వదులుకోననే పట్టుదల కూడా ఉన్నప్పుడే ఇద్దరికీ సరిపడే దారి వెతుకుతారు. మంచితనం ఉండి పట్టు లేకపోతే వెతకాల్సిన అవసరమే రాదు, ఒకరు తగ్గిపోతారు, కథ కంచికి పోతుంది. మనవాళ్లు ముందే అన్నారుగా, అడగనిదే అమ్మయినా పెట్టదు.

మరి ఆవిడ అడిగారు. ఏప్రిల్లో వన్ ఆన్ వన్ మీటింగులో 'సర్, వచ్చే ఏడాది నాకు బడి సెలవుల్లో నాలుగు రోజులు కావాలి, పండగ రోజులు కాకపోయినా ఫర్వాలేదు' అన్నారు. ఇంతకన్నా రెండు బర్నర్లూ వెలిగించి మాట్లాడటం ఎవరికైనా చేతనవునా? తన అవసరం చెప్పింది, ఎదుటివాడి పండగ ముట్టుకోలేదు. అప్రైజల్లో ఏం రాశారో తెలుసా? 'అసర్టివ్‌గా మారారు, టీమ్ ప్లేయర్ లక్షణం తగ్గింది.' తగ్గిందని ఎవరు కొలిచారయ్యా? ఏ ముల్లు ఎటు తిరగడం చూశారు? ఒక మంట పెరిగిందని కనపడగానే రెండోది దానంతటదే తగ్గిందని రాసేసుకున్నారు. ఆ తెల్లబోర్డు మీద గీత మొదట గీసింది ట్రెయినర్ గారు కాదు, వీళ్ల బుర్రలో ఎప్పటినుంచో ఉంది. పదకొండేళ్లు అడ్జస్ట్ అయిన మనిషి నోరు తెరిచి నాలుగు రోజులు అడిగితే అది స్వార్థం. ఏనాడూ అడ్జస్ట్ కాని మేనేజరు మెడలో మాత్రం గుడ్లగూబ!

పొయ్యి పోలికకి కూడా ఒక హద్దుంది, ఒప్పుకుంటాను. సిలిండర్ అడుగంటినప్పుడు రెండు మంటలూ కుంచించుకుపోతాయి. ఒకే ప్రమోషను ఉండి ఇద్దరు అడిగితే, ఎంత గట్టిగా అడిగినా, ఎంత ప్రేమగా విన్నా, ఒకరికే వస్తుంది. అప్పుడు చెరి సగమో, ఒకరు గెలవడమో తప్పదు. చిన్న విషయానికి తాబేలవడమే మంచిది, ఆ పరీక్ష రాసినవాళ్లూ అయిదు దారులకీ వేళ ఉందనే అంటారు. కానీ సిలిండర్ నిజంగా ఖాళీ అయిందా లేదా అని ఎత్తి చూడాలి కదా. మావాళ్లు మోటుగా తేల్చేస్తారు, 'గ్యాస్ లేదమ్మా, మీరు కొంచెం సర్దుకోండి'.

సోమవారం రోస్టర్ మెయిల్ వచ్చింది, రాబోయే సంక్రాంతిది. బడి సెలవులు మొదలైన రోజు నుంచి కనుమ దాకా అన్ని గళ్లలో ఆవిడ పేరే ఉంది. రిమార్క్స్ గడిలో మేనేజరు గారు 'ఎలాగూ ఉంటారు' అని రాసి, పక్కన చిన్న టెడ్డీబేర్ బొమ్మ పెట్టారు.