గ్యాలన్ గారిది ఏ షిఫ్టు?

విశాఖలో నీళ్ళ లెక్క ఇప్పటికీ గ్యాలన్లలోనే నడుస్తుంది. తాటిపూడి నుంచి ఎంత, రైవాడ నుంచి ఎంత అని ఎవర్ని అడిగినా జవాబు ఎంజీడీల్లోనే వస్తుంది. ఎంజీడీ అంటే రోజుకు ఇన్ని మిలియన్ గ్యాలన్లు అని. తెల్లవాడు వెళ్ళిపోయాడు గానీ వాడి గ్యాలన్ మాత్రం మన పైపుల్లోనే ఉండిపోయింది. అది 4.546 లీటర్లు. అమెరికా వాడి గ్యాలన్ 3.785 లీటర్లే, దాని సంగతి మనకొద్దు, ఉన్న గ్యాలన్‌తోనే చాలినంత తలనొప్పి.

అలాంటి ఒక ప్లాంటులో, రోజుకు 5 మిలియన్ గ్యాలన్లు శుద్ధి చేసేచోట, ఫ్లో మీటరు పాడైతే కొత్తది బిగించారు. పాతది ఎంజీడీల్లో 5 చూపించేది. కొత్తది రోజుకు ఇన్ని మిలియన్ లీటర్లంటూ ఎంఎల్‌డీల్లో 22.7 చూపిస్తుంది. అవే నీళ్ళు, అదే పైపు. బిగించినవాళ్ళు సంతకాలు పెట్టించుకుని, టీ తాగి వెళ్ళిపోయారు. ఆఫీసు కంప్యూటర్లో క్లోరిన్ లెక్క కట్టే షీటు ఒకటుంది. దానికి ఈ కబురు ఎవరూ చెప్పలేదు.

తెల్లవారుజామున ట్రైనీ రమణ మీటరు చూసి, 22.7 అని గడిలో కొట్టాడు. షీటు లోపల ఉన్నది ఇది:

```
=B4*4.546*2/24
```

బి4లో గ్యాలన్లు ఉన్నాయనుకుని షీటు వాటిని 4.546తో లీటర్లు చేస్తుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదు వేసి, 24 గంటలకు పంచుతుంది. అప్పటికే లీటర్లైన నీళ్ళని మళ్ళీ లీటర్లు చేసి, గంటకు 8.6 కిలోలు అంది. రోజూ పెట్టేది 1.9. క్లోరిన్ గంటకు ఎన్ని కిలోలు పోతోందో లోపలి బంతితో చూపించే రోటామీటరు గాజుగొట్టం మీద గీతలు 10 దాకా ఉన్నాయి. ఏ 86 అనో వచ్చుంటే రమణ కూడా నవ్వేసి ఊరుకునేవాడు. 8.6 గొట్టంలో పడుతుంది మరి! అయిదున్నరకి వాల్వు తిప్పాడు. ఎప్పుడూ అడుగున కునుకు తీసే బంతి చివ్వున పైకి లేచింది.

అరగంటాగి, కొత్త మోతాదు కదా అని బుద్ధిగా శాంపిల్ కూడా పట్టాడు. పట్టింది క్లోరిన్ కలిసేచోటికి రెండడుగుల్లో ఉన్న కుళాయి దగ్గర. క్లోరిన్ ఉంటే నీళ్ళని గులాబీ చేసే డీపీడీ మాత్ర వేస్తే ఆ రంగు ఇలా మెరిసి అలా మాయమై, నీళ్ళు తేటగా అయిపోయాయి. రిజిస్టర్లో "క్లోరిన్ సున్నా" అని రాసి, బంతిని 10 దాకా లేపుదామని లేచాడు.

సరిగ్గా అప్పుడే డ్యూటీకి అప్పలనాయుడు దిగాడు. ముప్పయ్యేళ్ళ సర్వీసు. రాగానే రిజిస్టరు చూడడు, ముందు టన్నర్ చూస్తాడు. 900 కిలోల క్లోరిన్ పట్టే ఆ ఇనప పీపా ఆవేళ సగం దాకా చెమటలు కక్కుతోంది. లోపల ద్రవం ఎంతవరకు ఉందో అంతవరకే తడి, పైన పొడి, మధ్యలో గీత గీసినట్టు.

"ఏట్రా రమణా, టన్నర్‌కి జొరమొచ్చిందేటి?"

క్లోరిన్ ద్రవం నుంచి గ్యాసుగా మారేటప్పుడు పీపాలోని వేడిని లాక్కుంటుంది. నెమ్మదిగా వాడితే చుట్టూ ఉన్న గాలే ఆ వేడి ఇచ్చేస్తుంది. ఒక్క టన్నర్ నుంచే గంటకు ఎనిమిది కిలోలు పైన లాగితే పీపా చల్లబడుతుంది, విశాఖ ఉక్కపోత దాని మీద నీళ్ళై కారుతుంది. ఇంకా లాగితే మంచు పడుతుంది. 1.9 దగ్గర ఆ టన్నర్‌కి ఎన్నడూ చెమట పట్టింది లేదు.

తూకం చూశాడు. అయిదున్నరకి 612 ఉన్నది, ఆరింటికి 608కి దిగింది. అరగంటలో కిలో కూడా తగ్గకూడని చోట నాలుగు కిలోలు పోయాయి. ఇంకేం మాట్లాడకుండా బంతిని 1.9కి దించి, అప్పుడడిగాడు.

"టెస్టులో సున్నా వచ్చింది గురువుగారూ" అన్నాడు రమణ.

"సున్నా కాదురా, మందెక్కువై రంగు చచ్చిపోయింది." అదే శాంపిల్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ తొమ్మిది వంతులు కలిపి మళ్ళీ మాత్ర వేశాడు. ఈసారి గులాబీ నిలబడింది. 1.3 చూపించింది, పదింతలు చేస్తే 13. ఇంకా పూర్తిగా కలవని చోటు కాబట్టి అసలు మోతాదు కంటే ఎక్కువే కనపడింది.

ఏఈ గారికి ఫోన్ వెళ్ళింది. ఆయన నిద్ర గొంతుతో, "షీటు తప్పు చెప్పదయ్యా" అన్నారు.

"షీటు లెక్కన మనం రోజుకి ఇరవైరెండు మిలియన్ గ్యాలన్లు పంపుతున్నాం సార్. మన ప్లాంటుకి అయిదు తాగడమే ఎక్కువ. లీటరుకి ఒక మిల్లీగ్రాము చొప్పున మిలియన్ లీటర్లకంటే ఒక కిలో. ఇరవైరెండున్నొర రెండ్లు నలభై అయిదు కిలోలు, రోజుకి. టన్నర్ ఇరవై రోజులొస్తాది. మీ షీటు చెప్పినట్టేస్తే అయిదో రోజుకి కొత్త టన్నర్ తేవాల."

అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత మంచం కిర్రుమంది.

ఈలోగా రమణకి ప్రాయశ్చిత్తం తోచింది. "ఎక్కువెళ్ళింది దాదాపు నాలుగు కిలోలు. రెండు గంటలు మొత్తం కట్టేస్తే సరిపోద్ది కదా?" గుణకారంలో తప్పు లేదు. కానీ ట్యాంకు నీళ్ళేమీ కవ్వం పెట్టి చిలికిన మజ్జిగ కాదు. క్లోరిన్ లేని రెండు గంటల నీళ్ళు ఒక ముద్దగా వెళ్ళి ఏ వీధికో చేరితే, ఆ వీధికి వాసనకి బదులు విరేచనాలు వస్తాయి. అందుకే 1.9 దగ్గరే ఉంచి, నలభై అయిదు లక్షల లీటర్ల ట్యాంకు తనంతట తనే సర్దుకునేదాకా, బయటికెళ్ళే కుళాయి దగ్గర అరగంటకోసారి టెస్టు చేయించాడు. మామూలుగా అక్కడ 0.8 ఉంటుంది. ఏడింటికి 1.5, మధ్యాహ్నానికి 1.0. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 కాబట్టి ఆరోగ్యానికి భయం లేదు గానీ, ముక్కులకి ఆ సంగతి తెలియదు. ఎనిమిదింటికే ఫోన్లు మొదలయ్యాయి. కాఫీ బ్లీచింగ్ పౌడర్‌తో కలిపినట్టుందని ఒకావిడ ఫిర్యాదు. మర్నాడు అదే ఆవిడ, ఈవేళ వాసన లేదు, మందెయ్యడం మానీసినారేటి అని.

ఏఈ గారు షీటులో 4.546 తీసేసి, గడి పక్కన ఎర్రగా "ఎంఎల్‌డీ" అని రాశారు. అప్పలనాయుడు ఫ్లో మీటరు డబ్బా మీద అదే మాట పెయింటుతో రాశాడు, కంప్యూటర్ పాడైనా డబ్బా ఉంటుందని. లాగ్ బుక్కులో మాత్రం క్లుప్తంగా, "5:30 నుంచి 6:05 వరకు క్లోరిన్ 8.6. కారణం: గ్యాలన్" అని రాసి సంతకం పెట్టాడు.

వారం తర్వాత ఆఫీసు నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు. "సంజాయిషీ నోటీసు టైపు చేస్తున్నానండి. ఈ గ్యాలన్ గారిది ఏ షిఫ్టు?"