80 శాతం దాటాక చార్జింగ్‌కు నత్తనడక ఎందుకు?

హన్మకొండలో ఫాస్ట్ చార్జర్‌కు కారు తగిలిస్తే 80 శాతం దాకా పరుగే, ఆ తర్వాత నత్తనడక. చార్జర్ పాడైందని చాలామంది అనుకుంటారు కానీ, వేగం తగ్గించమని అడిగేది బండిలోని బ్యాటరీయే. ఫోన్‌లోనూ జరిగేది ఇదే.

లిథియం సెల్‌కు ఒక వోల్టేజీ హద్దు ఉంటుంది, సాధారణంగా 4.2 వోల్టులు. కొన్ని రకాల్లో ఇది వేరుగా ఉంటుంది. చార్జింగ్‌లో కనిపించే వోల్టేజీలో రెండు భాగాలుంటాయి: సెల్ సొంత వోల్టేజీ ఒకటి, దాని లోపలి నిరోధాన్ని దాటడానికి కరెంటు అదనంగా కోరేది మరొకటి. 80 శాతం దగ్గర ఫోన్ సెల్ సొంత వోల్టేజీ 4.0, నిరోధం 0.05 ఓం అనుకుందాం. 4 ఆంపియర్లు పంపితే అదనం 0.2 వోల్టు. అంటే సెల్ ఇంకా నిండకముందే 4.2 తగిలేసింది. అక్కడి నుంచి వోల్టేజీని కదలనివ్వకుండా కరెంటును తగ్గించుకుంటూ పోవడమే దారి. అదే 0.4 ఆంపియర్ పంపితే అదనం 0.02 వోల్టే కాబట్టి దాదాపు నిండేదాకా ఆటంకం ఉండదు. కాబట్టి 80లో మహత్తు ఏమీ లేదు. కరెంటు ఎంత ఎక్కువైతే హద్దు అంత ముందు వస్తుంది.

పాత ఫోన్ సంగతి కూడా ఇందులోనే తేలుతుంది. నిరోధం 0.1 ఓంకు పెరిగితే అదే 4 ఆంపియర్లకు సొంత వోల్టేజీ 3.8 దగ్గరే, అంటే సగం నిండగానే హద్దు తగులుతుంది.

హద్దును లెక్కచేయకుండా తోస్తే? మేడారం జాతర బస్సులో చివరి సీట్లు వెతుక్కునేవాళ్లలా, నిండుతున్న గ్రాఫైట్‌లో, అంటే చార్జింగ్‌లో అయాన్లు వెళ్లి చేరే సెల్ భాగంలో, లిథియం అయాన్లకు చోటు దొరకడం ఆలస్యమవుతుంది. చోటు దొరకనివి పైననే లోహపు పూతగా పేరుకుంటాయి. అందులో కొంత భాగం మళ్లీ పనికిరాదు, కెపాసిటీ శాశ్వతంగా తగ్గుతుంది. పూత ముళ్లలా పెరిగితే లోపలే షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది.

ఇప్పుడు కారు లెక్క. 40 యూనిట్ల బ్యాటరీ, యూనిట్‌కు 6 కిలోమీటర్లు అనుకుందాం. 10 నుంచి 80 శాతానికి 28 యూనిట్లు. సగటున గంటకు 40 యూనిట్ల వేగంతో 42 నిమిషాలు. మిగిలిన 8 యూనిట్లకు సగటు 12కు పడిపోతే మరో 40 నిమిషాలు, వచ్చేది 48 కిలోమీటర్లే. హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు, అంటే 60 శాతం పైచిలుకు ఖర్చవుతుంది, 80 శాతం చాలు. వెనక ఇంకో బండి ఆగి ఉంటే 80 దగ్గర ప్లగ్ తీసేయడమే మర్యాద. నిండుగా కావాలంటే ఇంట్లో 3.3 కిలోవాట్ల చార్జర్‌కు రాత్రి పెట్టండి. కరెంటు తక్కువ కాబట్టి ఆఖరిదాకా పెద్దగా నెమ్మదించదు. ప్రకటనల్లో ‘80 శాతం ఇన్ని నిమిషాల్లో’ అని రాసే కంపెనీలు మిగతా 20 శాతం సమయం కూడా పక్కనే అచ్చువేయాలి.

ఒక్క జాగ్రత్త: మే ఎండలో కొత్త బండి 40 శాతం దగ్గరే నెమ్మదిస్తే ఆ నేరం ఈ హద్దుది కాదు, వేడిది. కాసేపు నీడలో ఆపి, బ్యాటరీ చల్లబడ్డాక మళ్లీ తగిలించండి. వేగం పుంజుకుంటే వేడే కారణం.