పది అదిరిపోయే బొమ్మలు అడిగిన ప్యాకేజింగ్ స్టూడియోకి, ఒకే ఒక్క తాండ్ర కవరుతో

తిరుపతి ప్యాకేజింగ్ స్టూడియో వారికి నమస్కారం.

మీ ప్రకటన చూశాను. ప్రాంప్ట్ రైటర్ కావాలి, ఫ్రీలాన్స్ అయినా పర్లేదు, పది ప్రొడక్ట్ విజువల్స్‌తో పోర్ట్‌ఫోలియో పంపాలి, అన్నీ అదిరిపోవాలి అని రాశారు. అదిరిపోయేవి కావాలంటే నాకు అరగంట చాలు. బొమ్మలు గీసే ఏఐకి "సెంటు బాటిల్, నల్లరాయి, నీటి చుక్కలు, వెనక పొగ" అని కొడితే పదేం ఖర్మ, నలభై వస్తాయి. మీకు ఇప్పటికే వచ్చిన దరఖాస్తుల్లో ఆ నల్లరాయి ఎన్నిసార్లు కనబడిందో ఒకసారి లెక్కబెట్టుకోండి. ఆ సెంటు ఎవరూ తయారు చేయలేదు, ఆ బాటిల్ ఎవరూ అమ్మలేదు. కాబట్టి దానికి ఎవరూ వంక పెట్టలేదు కూడా.

నేను పంపుతున్నది ఒక్కటే. దామలచెరువు దగ్గర మామిడి తాండ్ర చేసే ఒక పెద్దాయన కోసం చేసిన 200 గ్రాముల కవరు, దాని మీద అంటించే స్టిక్కర్. దానికి పెట్టిన వంకలన్నీ కూడా జత చేస్తున్నాను, ఎందుకంటే నా అనుభవం అంటే అవే. (నా పని ఏంటని పక్కింటావిడ అడిగితే మా అమ్మ "కంప్యూటర్‌కి కథలు చెప్తాడు" అని చెప్పింది. ఆ పోస్టుకి మీరు పెట్టిన పేరు కంటే అదే దగ్గరగా ఉంది.)

మొదటిరోజు నేను కొట్టింది ఇది:

```
mango fruit bar pouch, ripe totapuri mangoes, premium, 8k, award winning
```

వచ్చిన మామిడికాయలు గుండ్రంగా, బుగ్గన ఎర్రటి మెరుపుతో, ఒక్కోదానికి ఒక్కో పచ్చటి ఆకుతో పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. పెద్దాయన ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "ఇది బెంగళూరా కాదు నైనా, ఏ ఊరి కాయ ఇది?" అన్నాడు. మన జిల్లాలో తోతాపురిని బెంగళూరా అంటామని ఏఐకి తెలియకపోతే పోనీ, తోతాపురి అన్నా దానికి పట్టలేదు. మామిడి అనగానే అది ఎక్కువగా చూసిన కాయే గీస్తుంది. సరే, ఆకు వద్దని రాశాను. ఆకులు రెండయ్యాయి. వద్దు అన్న మాట దానికి సరిగ్గా ఎక్కదు, ఆకు అన్న మాట మాత్రం బాగా ఎక్కుతుంది. చంటిపిల్లాడికి "చాక్లెట్ లేదురా" అని చెప్పినట్టే. అందుకే పేరు వదిలేసి, వద్దన్నవి వదిలేసి, కాయ కళ్లకి ఎలా కనబడుతుందో అదే రాశాను:

```
long mango, tapering to a curved beak-like tip, plain yellow-green skin, on a bare wooden table, soft light from left
```

చిలకముక్కు కొన అప్పుడొచ్చింది. అంతవరకు 63 బొమ్మలు. ఆ 63 కూడా ఫోల్డర్‌లో ఉన్నాయి, ఓపిక ఉంటే చూడండి, చివర్లో ఒకటి అచ్చం వంకాయ.

తర్వాత తాండ్ర. అది ఇంకా ఘోరం. ఏఐ గీసిన తాండ్ర నున్నగా, మెరుస్తూ, లోపలి నుంచి దీపం పెట్టినట్టు ఉంది. నాకు బ్రహ్మాండంగా నచ్చింది, నిజం చెప్తున్నా, స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాను. పెద్దాయన మాత్రం "సబ్బు బిళ్ల మాదిరి ఉండాది" అన్నాడు. ఆయన తాండ్ర చాపల మీద రసం పోసి, పొర ఎండాక పొర వేసి చేసేది. కింది వైపు చాప అచ్చు పడుతుంది, అంచులు నల్లబడతాయి, కోస్తే పొరలు కనబడతాయి. ఇవన్నీ రాస్తే చాప అచ్చు వచ్చింది గానీ పొరలు కేకులా వచ్చాయి. అప్పుడు తట్టింది, కవరు మీద ఒక సరుకు చూపించి లోపల ఇంకోటి పెడితే దాన్ని విజువల్ అనరు, మోసం అంటారు. పొద్దున ఏడింటికి మిద్దె మీద తెల్ల అట్ట పరిచి, అసలు తాండ్రనే పక్కనుంచి ఎండ పడేలా పెట్టి ఫోన్‌తో తీశాను. మీకు పంపిన బొమ్మలో కాయలు, బల్ల ఏఐవి. తాండ్ర మాత్రం తాండ్రే.

ఇక అక్షరాలు. "మామిడి తాండ్ర" అని కవరు మీద రాయమంటే ఏఐ ఏదో గుండ్రంగా రాసింది. దూరం నుంచి చూస్తే తెలుగే. దగ్గరికెళ్తే జిలేబీలు. తాండ్రలో రావత్తు డ నెత్తిన కూర్చుంది, సున్న ఎటో పోయింది. దాని కింద శాకాహారం గుర్తు చతురస్రంలో చుక్కకి బదులు పువ్వు, బార్‌కోడ్‌లో గీతలు ఉన్నాయి గానీ స్కానర్ ఏమీ పలకలేదు, 14 అంకెలు ఉండాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరులో 17 ఉన్నాయి, అందులో రెండు అంకెలే కావు. ఆరోజు నుంచి నా ప్రాంప్టుల్లో స్టిక్కర్ భాగం ఎప్పుడూ ఖాళీ తెల్ల కాగితమే. అక్షరాలన్నీ తర్వాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నేనే పెడతాను. అక్కడా సుఖం లేదు లెండి. యూనికోడ్ ఫాంటుతో పంపితే ప్రెస్సులో ఉన్నవి యూనికోడ్ కాని "అను" ఫాంట్లు, ఫైలు తెరవగానే ఒత్తులు విడిపోయి వరసగా నిలబడ్డాయి. ఇప్పుడు అక్షరాల్ని ఆకారాలుగా మార్చి పంపుతున్నాను, ఇక ఏ కంప్యూటర్‌లో తెరిచినా రావత్తు కదలదు. తప్పు దొర్లితే దిద్దుకోవడం కూడా కుదరదనుకోండి, అందుకే మార్చకముందు ఫైలు వేరే దాస్తాను.

ఆ మొదటి ప్రాంప్టులో "8k" అని రాశాను కదా, దాని సంగతి. అది రాస్తే బొమ్మ పెద్దది కాదు, రాసినవాడికి ధైర్యం వస్తుంది అంతే. నాకొచ్చిన బొమ్మ వెడల్పు 1024 పిక్సెళ్లు. అంగుళానికి 300 చొప్పున అచ్చేస్తే ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, కొంచెం చిల్లర. మన స్టిక్కర్ 12 సెంటీమీటర్లు, అంటే 1400 పైన కావాలి. పెద్దది చేసే టూల్‌లో వేస్తే, లేని వివరాలు అదే ఊహించుకుని కాయ తొక్కకి తొండ చర్మం తగిలించింది. మళ్లీ మొదటికొచ్చి, పెద్ద సైజులో గీసే దాంట్లో గీయించాను.

అచ్చయ్యాక చూస్తే తెర మీద వెలిగిన నారింజ రంగు స్టిక్కర్ మీద ఇటుక రంగు. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో చూపించాలి, ఆ మెరిసే నారింజ సిరాలకి అందదు. ప్రెస్సన్న అయితే ఒక్క మాటలో తేల్చేశాడు: "ఫోన్లో లైటుండాది, కాగితంలో యాడుంటాది?" రెండో విడతకి ముందే బొమ్మని ఆ నాలుగు సిరాల లెక్కకి, అంటే సీఎంవైకేలోకి మార్చి, రంగు అక్కడే సర్దుకుని, ఒక్క స్టిక్కర్ అచ్చేయించి పెద్దాయనకి చూపించాకే మిగతావి వేయించాను. మొదటి విడత 500 స్టిక్కర్లు మా ఇంట్లోనే ఉన్నాయి. మా అమ్మ పప్పుల డబ్బాలకి అంటించింది. ప్రస్తుతం మా వంటింట్లో కందిపప్పు కూడా మామిడి తాండ్రే.

జీతం ఎంత ఆశిస్తున్నారు అని కూడా అడిగారు. బొమ్మకి ఇంత అంటే నాకు 63 బొమ్మల డబ్బులు రావాలి, మీరివ్వరు. అచ్చయి అంగట్లోకి వెళ్లిన కవరుకి ఇంత అని మాట్లాడుకుందాం.

ఇంటర్వ్యూకి పిలిస్తే కవరు, స్టిక్కర్, ఫోన్లో బొమ్మ మూడూ తెస్తాను, మీ ట్యూబ్‌లైట్ కింద పక్కపక్కన పెట్టి చూడండి. బ్రహ్మోత్సవాల వారంలో మాత్రం వద్దు, బస్టాండు నుంచి మీ వీధికి రావడానికే పూట పడుతుంది.