70 వేల కోట్ల మహిళలు

ఈ మధ్య ఒక సదస్సులో ఒక పరిశోధకుడు తెర మీద వేసిన పట్టికను చూశాకే, మన దేశంలో దాదాపు 70 వేల కోట్ల మంది మహిళలున్నారని నాకు తెలిసివచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) పలకరించింది 7,24,115 మందినే. మిగతావారంతా ఆయన స్టాటాలో రాసిన ఈ ఒక్క వరుసలో పుట్టారు:

```
regress v456 v133 [fweight=v005]
```

ఇందులో v456 హిమోగ్లోబిన్, v133 చదివిన ఏళ్లు, v005 నమూనాలోని ఒక్కో మనిషికి ఇచ్చిన వెయిట్. ఆ దత్తాంశంలో 1 అనే వెయిట్‌ను దశాంశ బిందువు లేకుండా 1000000 అని రాసి ఉంచుతారు. fweight మాటకు అర్థం "ఇలాంటి మనుషులు సరిగ్గా ఇంతమంది ఉన్నారు" అని. కనుక ఒకే ఊళ్లో, ఒకే చదువుతో, ఒకే హిమోగ్లోబిన్‌తో పది లక్షల మంది కవలలు ఒక్క గుమ్మం ముందు వరుస కట్టి, సూది పట్టుకున్న సర్వే అమ్మాయికి వేలు చాపారన్నమాట. పాపం, ఆమె మాత్రం ఒక్క వేలే పొడిచి ఇంటికి వెళ్లిపోయింది. ఈ మహత్యంతో ప్రామాణిక దోషం వెయ్యో వంతుకు పడిపోయి, ప్రతి గుణకం పక్కనా "ఇది యాదృచ్ఛికం కాదు" అని చాటే మూడేసి నక్షత్రాలు మొలిచాయి.

"గుణకం సరిగ్గానే వచ్చింది కదండీ" అన్నాడాయన. వస్తుంది. ఎంపికయ్యే అవకాశాన్ని బట్టి ఇచ్చిన వెయిట్ అని చెప్పే pweight వాడినా అదే గుణకం వస్తుంది, మారేది దోషం ఒక్కటే. అసలు ఒక్కో క్లస్టర్‌లో, అంటే ఒక ఊళ్లోనో పేటలోనో, తీసుకున్న 22 ఇళ్లవారు తాగేది ఒకే నీళ్లు, వెళ్లేది ఒకే ఆసుపత్రికి. వారి మధ్య సహసంబంధం 0.1 అనుకొని, ఇంటికి ఒకరిని లెక్కిస్తే, ఊరంతటికీ ఒకటే అయిన అంశం (ఆసుపత్రి దూరం వంటిది) గుణకపు విస్తృతి 1 + 21 × 0.1, అంటే 3.1 రెట్లు పెరుగుతుంది, ప్రామాణిక దోషం సుమారు 1.76 రెట్లు. ఊళ్లోనే మనిషికీ మనిషికీ మారే చదువు వంటి వాటికి పెరుగుదల తక్కువ.

గుణకం మారే సందర్భం వేరు. నమూనాలో సగం చిన్న జిల్లాలవారే ఉన్నారనుకోండి, జనాభాలో మాత్రం వారు పదో వంతు. చదువు ప్రభావం అక్కడ 2, పెద్ద జిల్లాల్లో 6 అయితే (చదువు వ్యాప్తి రెండు చోట్లా సమానమైతే) వెయిట్ లేకుండా 4 వస్తుంది, వెయిట్‌తో 5.6. ప్రభావం రెండు చోట్లా ఒకటే అయి, జిల్లా రకం మోడల్‌లో ఉంటే రెండు లెక్కలూ దాదాపు కలుస్తాయి, వెయిట్ తెచ్చేది పెరిగిన దోషమే. తేడా కనిపించిందంటే మోడల్‌లో ఏదో వదిలేశారని అనుమానించాలి, వెయిట్‌ను చదువుతో గుణించి మోడల్‌లో చేర్చి పరీక్షించాలి. 5.6 కూడా ఏ జిల్లా సత్యమూ కాదు.

ఇక మర్యాద నా వల్ల కాదు. పని మానుకొని కూర్చుని, ముక్కూ మొహం తెలియని వారికి రక్తపు చుక్క ఇచ్చిన మనిషిని పది లక్షలుగా అచ్చువేసి నక్షత్రాలు కొనుక్కోవడం దొంగతనం, అజ్ఞానం కాదు! మాన్యువల్‌లో ఉన్న రెండు వరుసలు చదవడానికి తీరిక లేదా?

```
svyset v021 [pweight=v005], strata(v022)
svy: regress v456 v133
```

ఇది చూపించాను. ఆయన కాసేపు తెర వైపు చూసి, "మరి నా నక్షత్రాలు?" అన్నాడు.